ఖులా అయింది, లోన్ మాత్రం ఇద్దరి పేరు మీదే ఉంది: ఇల్లు, అప్పు పంచుకోవడం ఎలా?

ఖాజీ సాహెబ్ ముందు సంతకాలు అయిపోయాయి. ఖులానామా చేతికొచ్చింది. ఇద్దత్ కూడా పూర్తయింది. కానీ ప్రతి నెలా 5వ తారీఖున హోమ్ లోన్ ఈఎంఐ మాత్రం పాత లెక్క ప్రకారమే కట్ అవుతోంది. ఇంటి కాగితాల్లో ఇద్దరి పేర్లు ఉన్నాయి, బ్యాంకు కాగితాల్లోనూ ఇద్దరి సంతకాలు ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసి ఫ్లాట్ కొనుక్కునే కుటుంబాలు మనలో పెరిగాయి కాబట్టి, తలాక్ గానీ ఖులా గానీ జరిగినప్పుడు ఈ చిక్కు కూడా ఎక్కువగానే కనిపిస్తోంది.

ఇలాంటప్పుడు పెద్దలు కూర్చుని రాయించే ఒప్పందంలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: "భార్య ఇంటి మీద హక్కు వదులుకుంటుంది, మిగతా లోన్ భర్త కట్టుకుంటాడు." చదవడానికి బాగానే ఉంటుంది. అయితే ఈ వాక్యంలో మొదటి సగం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తే గానీ పూర్తి కాదు. రెండో సగం బ్యాంకు ఒప్పుకుంటే గానీ పూర్తి కాదు. ఈ రెండూ కాకుండా ఒప్పందం మీద సంతకం పెట్టేసి వెళ్లిపోతే, ఆ తర్వాత నష్టపోయేది ఎక్కువగా ఆడపిల్లే. ఎందుకో చూద్దాం.

ఇల్లు ఎవరిది?

మన పర్సనల్ లాలో నికా అయినంత మాత్రాన భార్యాభర్తల ఆస్తులు కలిసిపోవు. ఆమె సంపాదించింది, పుట్టింటి వాళ్లు ఇచ్చింది ఆమెదే. ఆయన సంపాదించింది ఆయనదే. కాబట్టి విడిపోయేటప్పుడు "అన్నీ సగం సగం" అనే రూల్ ఏదీ లేదు. అలాగే "ఇల్లు మగవాడిదే" అనే రూల్ కూడా లేదు. ముందు చూడాల్సింది సేల్ డీడ్.

సేల్ డీడ్‌లో ఎవరికి ఎంత వాటా అని రాసి ఉంటే అదే లెక్క. చాలా డీడ్లలో అలా ఉండదు, కొనుగోలుదారులు అని ఇద్దరి పేర్లు మాత్రమే రాసి ఉంటాయి. అప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 45వ సెక్షన్ వర్తిస్తుంది. కొనడానికి ఎవరు ఎంత పెట్టారో రుజువు ఉంటే ఆ నిష్పత్తిలో వాటాలు వస్తాయి. రుజువు లేకపోతే ఇద్దరికీ సమానం అని భావిస్తారు. అందుకే డౌన్ పేమెంట్ ఏ అకౌంట్ నుంచి వెళ్లింది, బంగారం అమ్మిన రసీదు ఉందా, అబ్బా ఇచ్చిన డబ్బు చెక్కు ద్వారా వచ్చిందా అన్నవి పదేళ్ల తర్వాత కూడా పనికొస్తాయి.

మెహర్ సంగతి దీనితో కలపకూడదు. మెహర్ అనేది భర్త భార్యకు బాకీ. ఖులాలో భార్య మెహర్ వదులుకోవడమో, తీసుకున్నది తిరిగి ఇవ్వడమో జరుగుతుంది. ఇంట్లో ఆమె వాటా ఆమె డబ్బుతో కొన్న ఆస్తి. "ఖులా కావాలంటే ఇల్లు వదిలెయ్" అని ఎవరైనా అంటే, మెహర్‌తో పాటు ఇంకో ఆస్తిని కూడా అడుగుతున్నారని అర్థం. ఆమె ఇష్టపడి వదులుకుంటే అది వేరు. కానీ అది ఎన్ని లక్షల విలువో తెలుసుకున్న తర్వాతే ఆ మాట చెప్పాలి.

అప్పు ఎవరిది?

లోన్ విషయంలో లెక్క వేరు. వడ్డీ లోన్ తీసుకోవచ్చా లేదా అనే చర్చ ఇక్కడ పెట్టడం లేదు. తీసుకున్నాక చట్టం ఏమంటుందో మాత్రం తెలియాలి. ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన అప్పును మొత్తంగా ఎవరి దగ్గరి నుంచైనా వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 43వ సెక్షన్ చెప్పేది ఇదే. "నా వాటా సగమే, నేను సగమే కడతాను" అని బ్యాంకుతో అనడానికి లేదు.

తలాక్‌తో గానీ ఖులాతో గానీ ఈ బాధ్యత పోదు. భార్యాభర్తల మధ్య రాసుకున్న ఒప్పందంలో బ్యాంకు సంతకం ఉండదు కాబట్టి అది బ్యాంకును కట్టిపడేయదు. భర్త కట్టకపోతే భార్య కట్టాలి, కట్టాక ఆయన మీద కేసు వేసి ఆ డబ్బు రాబట్టుకోవచ్చు. ఒప్పందంలో "లోన్ వల్ల ఆమెకు నష్టం వస్తే నేను భరిస్తాను" అని రాయించుకోవడం మంచిదే. కానీ అది భర్త మీద కేసుకు పనికొస్తుంది, బ్యాంకు నోటీసును ఆపదు.

లెక్క వేసి చూద్దాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. టోలీచౌకీలో ఒక జంట 2018లో రూ. 60 లక్షలకు ఫ్లాట్ కొన్నారనుకోండి. డౌన్ పేమెంట్ రూ. 15 లక్షలు. అందులో భార్య బంగారం అమ్మి, అబ్బా ఇచ్చింది కలిపి రూ. 9 లక్షలు పెట్టింది. భర్త రూ. 6 లక్షలు పెట్టాడు. మిగతా రూ. 45 లక్షలకు ఇద్దరి పేరు మీద 20 ఏళ్ల లోన్ తీసుకున్నారు. లెక్క సులువుగా ఉండటానికి వడ్డీ 8.5 శాతం దగ్గరే ఉందనుకుందాం. ఈఎంఐ సుమారు రూ. 39,052 అవుతుంది.

ఏడేళ్లు కట్టారు. మొదటి నాలుగేళ్లు ఇద్దరూ చెరి సగం కట్టారు. తర్వాత పిల్లల కోసం ఆమె ఉద్యోగం మానేసింది, మూడేళ్లు ఆయనే కట్టాడు. ఇప్పుడు విడిపోతున్నారు. ఫ్లాట్ విలువ రూ. 85 లక్షలు పలుకుతోంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఏడేళ్లలో కట్టిన మొత్తం సుమారు రూ. 32.8 లక్షలు. అంత కట్టాం కాబట్టి అప్పు బాగా తగ్గి ఉంటుందని అనుకుంటారు. నిజానికి ఇంకా సుమారు రూ. 36.8 లక్షలు బాకీ ఉంటుంది. అంటే అసలు తగ్గింది రూ. 8.2 లక్షలే, మిగతాది వడ్డీకి పోయింది. మొదటి నెల ఈఎంఐలోనే దాదాపు రూ. 31,875 వడ్డీ. అందుకే నోటి లెక్కలతో కూర్చోకుండా, ఈ తేదీకి ఎంత కడితే లోన్ క్లోజ్ అవుతుందో చెప్పే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి ముందే తీసుకోవాలి. కో-బారోవర్‌గా భార్య కూడా దాన్ని అడగవచ్చు.

ఇల్లు రూ. 85 లక్షలు, బాకీ రూ. 36.8 లక్షలు. మిగిలే రూ. 48.2 లక్షలే ఇద్దరూ పంచుకోవాల్సిన అసలు సొత్తు.

సమానంగా పంచితే ఒక్కొక్కరికి రూ. 24.1 లక్షలు. పెట్టిన డబ్బు లెక్కన పంచితే అంకెలు మారతాయి. భార్య డౌన్ పేమెంట్‌లో రూ. 9 లక్షలు, ఈఎంఐల్లో సుమారు రూ. 9.37 లక్షలు, మొత్తం రూ. 18.37 లక్షలు పెట్టింది. భర్త రూ. 6 లక్షలు, ఈఎంఐల్లో రూ. 23.43 లక్షలు, మొత్తం రూ. 29.43 లక్షలు పెట్టాడు. ఈ లెక్కన ఆమె వాటా 38.4 శాతం, అంటే సుమారు రూ. 18.5 లక్షలు.

గొడవ ఈ రెండు అంకెల మధ్యనే జరుగుతుంది. ఆయన తరఫు వకీలు "మూడేళ్లు మేమే కట్టాం" అంటాడు. ఆమె తరఫు వకీలు "లోన్ ఇద్దరూ తీసుకున్నారు, ఆ మూడేళ్లు ఆమె పిల్లల్ని చూసుకుంది కాబట్టే ఆయన ఉద్యోగానికి వెళ్లగలిగాడు" అంటాడు. తేడా రూ. 5.6 లక్షలు. దీని కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం కంటే మధ్యలో ఒక అంకె దగ్గర ఆగితే ఇద్దరికీ మంచిది. మన ఉదాహరణలో రూ. 21 లక్షల దగ్గర ఒప్పుకున్నారనుకుందాం.

ఇల్లు ఒకరు ఉంచుకుంటే

ఇప్పుడు అసలు పరీక్ష. భర్త ఇల్లు ఉంచుకోవాలంటే పాత బాకీ రూ. 36.8 లక్షలు, ఆమెకు ఇవ్వాల్సిన రూ. 21 లక్షలు, మొత్తం రూ. 57.8 లక్షలు ఆయన ఒక్కడే మోయాలి. మొత్తం లోన్ రూపంలో అడిగితే 20 ఏళ్లకు ఈఎంఐ రూ. 50,000 దాటుతుంది. ఆయన జీతం రూ. 90,000 అనుకుంటే సగానికి పైగా ఈఎంఐకే పోతుంది. బ్యాంకు సాధారణంగా దీనికి ఒప్పుకోదు.

అన్నదమ్ముల దగ్గర, దాచుకున్న డబ్బులోంచి రూ. 9 లక్షలు తెచ్చుకుంటే, బ్యాంకు నుంచి రూ. 48.8 లక్షలు చాలు. ఈఎంఐ సుమారు రూ. 42,350. జీతంలో ఇది 47 శాతం, ఇలాంటి అప్లికేషన్‌ను బ్యాంకు పరిశీలిస్తుంది. అప్పటికీ కుదరకపోతే సంపాదన ఉన్న తమ్ముడినో అన్ననో కొత్త కో-బారోవర్‌గా చేర్చమని అడుగుతారు.

బ్యాంకు భాషలో ఇది "ఒక పేరు తీసేయడం" అనే చిన్న పని కాదు. ఇద్దరి జీతాలు చూసి ఇచ్చిన లోన్‌ను ఒక్కడి జీతం మీద మళ్లీ మొదటి నుంచి చూస్తారు. శాలరీ స్లిప్పులు, ఐటీ రిటర్న్‌లు, సిబిల్ స్కోర్, ఇంటి కొత్త వాల్యుయేషన్ అన్నీ అడుగుతారు. ఉన్న బ్యాంకు ఒప్పుకోకపోతే ఇంకో బ్యాంకుకు లోన్ మార్చుకోవచ్చు. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌ను ముందే క్లోజ్ చేసినందుకు వ్యక్తుల దగ్గర పెనాల్టీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

విడాకుల కాగితం కూడా అడుగుతారు. ఖాజీ ఇచ్చిన ఖులానామా మాత్రమే చాలదని బ్యాంకు లీగల్ విభాగం అంటే, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద వివాహ స్థితి గురించి డిక్లరేషన్ తెచ్చుకునే దారి ఉంది. ఇద్దరూ ఒప్పుకున్న కేసు అయితే ఆ పని పెద్ద గొడవ లేకుండా అవుతుంది. పంపకం షరతులు కూడా అందులోనే రికార్డు చేయించుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది.

ముందు ఏ సంతకం, తర్వాత ఏ సంతకం

ఈ ఆర్టికల్‌లో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: లోన్ నుంచి మీ పేరు తీసేస్తున్నట్టు బ్యాంకు లెటర్ చేతికి రాకుండా, ఇంటి హక్కు వదులుకునే డీడ్ మీద సంతకం పెట్టకండి.

తిరగేసి చేస్తే ఏమవుతుందో మన ఉదాహరణలోనే చూడండి. ఆమె నమ్మకం మీద ముందే హక్కు విడుదల డీడ్ రిజిస్టర్ చేసి ఇచ్చేసింది. ఇప్పుడు ఇంట్లో ఆమెకు ఒక్క గజం వాటా లేదు, కానీ రూ. 36.8 లక్షల అప్పు మాత్రం ఆమె పేరు మీద ఉంది. మళ్లీ టీచర్ ఉద్యోగంలో చేరింది, జీతం రూ. 35,000. పిల్లలతో ఉండటానికి చిన్న ఇల్లు కొందామని బ్యాంకుకు వెళ్తే, ఇప్పటికే నెలకు రూ. 39,052 ఈఎంఐ ఉందని కంప్యూటర్ చూపిస్తుంది. జీతం కంటే ఈఎంఐ ఎక్కువ, లోన్ రాదు. మాజీ భర్త సరిగ్గా కడుతున్నా సరే, ఆమె పరిస్థితి ఇదే.

ఆయన కట్టడం ఆపేస్తే ఇంకా కష్టం. బాకీ 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ అవుతుంది. తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇద్దరికీ వస్తుంది. సిబిల్ స్కోర్ ఇద్దరిదీ పడిపోతుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. మొదట విలువ, బాకీ, వాటా మీద రాతపూర్వక ఒప్పందం. కొత్త లోన్ వచ్చేదాకా ఈఎంఐ ఎవరు కడతారు, ఎన్ని నెలల్లో పని పూర్తి చేయాలి, పూర్తి కాకపోతే ఇల్లు అమ్మేస్తారా అన్నది అందులోనే రాయాలి. గడువు లేని ఒప్పందం ఏళ్లు సాగుతుంది. రెండోది, బ్యాంకులో అప్లికేషన్, కొత్త శాంక్షన్ లెటర్. అందులో ఆమె పేరు బారోవర్‌గా ఉండదని స్పష్టంగా ఉండాలి. మూడోది, హక్కు విడుదల డీడ్ రిజిస్టర్ చేయడానికి బ్యాంకు ఎన్‌ఓసీ. ఒరిజినల్ సేల్ డీడ్ బ్యాంకు దగ్గరే తాకట్టులో ఉంటుంది కాబట్టి బ్యాంకుకు తెలియకుండా ఈ పని చేయకూడదు. నాలుగోది, ఒకే రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్, ఆమె చేతికి డబ్బు. డబ్బు డీడీ రూపంలోనో బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానో ఉండాలి. స్టాంప్ డ్యూటీ ఎంత పడుతుందో ముందే అడిగి, అది ఎవరు కట్టాలో ఒప్పందంలో రాసుకోవాలి. డబ్బు తీసుకుని వాటా వదులుకున్న వారికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ప్రశ్న కూడా వస్తుంది, ఆడిటర్‌ను ఒకసారి అడగాలి.

హిబా రాసిస్తే చాలదా?

మనవాళ్లు అడిగే ప్రశ్న ఇది. నిజమైన హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇస్తున్నానని చెప్పడం, అవతలి వాళ్లు స్వీకరించడం, స్వాధీనం అప్పగించడం జరిగితే చాలు. రాతలో ఉన్నంత మాత్రాన హిబాను రిజిస్టర్ చేయాల్సిన అవసరం లేదని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ హిబా అంటే ప్రతిఫలం లేకుండా ఇచ్చేది. రూ. 21 లక్షలు తీసుకుని ఇస్తే అది హిబా కాదు, చట్టం దృష్టిలో అమ్మకం లాంటిదే, దానికి రిజిస్ట్రేషన్ కావాలి. డబ్బు తీసుకోకుండానే ఇచ్చినా, తెల్లకాగితం మీద రాసిన హిబా ఈసీలో కనిపించదు. రేపు ఇల్లు అమ్మాలన్నా, కొత్త లోన్ కావాలన్నా బ్యాంకు రిజిస్టర్డ్ డీడ్ అడుగుతుంది. హిబా వల్ల లోన్‌లో ఉన్న సంతకం కూడా చెరిగిపోదు.

అమ్మేయడం ఎప్పుడు మంచిది?

ఇద్దరిలో ఎవరి జీతం మీదా కొత్త లోన్ రాకపోతే ఇల్లు అమ్మడమే శుభ్రమైన దారి. కొనేవారి బ్యాంకు ముందు పాత బాకీ రూ. 36.8 లక్షలు నేరుగా మీ బ్యాంకుకు కడుతుంది, మిగతాది ఇద్దరికీ వస్తుంది. రూ. 85 లక్షలకు అమ్మి, బ్రోకర్‌కు ఒక శాతం ఇస్తే పంచుకోవడానికి సుమారు రూ. 47.35 లక్షలు మిగులుతాయి. డబ్బు ఇద్దరి జాయింట్ అకౌంట్‌లోకి కాకుండా, ఎవరి వాటా వారి అకౌంట్‌లోకి వేరు వేరుగా వచ్చేలా సేల్ డీడ్‌లోనే రాయించుకోండి. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇవ్వాలని, తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 చెల్లించాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది.

ఒప్పందం కుదరకపోతే

భార్యాభర్తల ఆస్తి గొడవ ఫ్యామిలీ కోర్టుకు వెళ్తుంది. విడాకులు అయిపోయిన తర్వాత కూడా అక్కడే వేయవచ్చని 2003లో అబ్దుల్ జలీల్, షాహిదా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫ్లాట్‌ను గోడ కట్టి రెండు ముక్కలు చేయలేరు కాబట్టి, 1893 నాటి పార్టిషన్ చట్టం కింద సగం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్నవారు అడిగితే, అమ్మి డబ్బు పంచమని కోర్టు చెప్పవచ్చు. అప్పుడు అవతలి వారు కోర్టు కట్టిన విలువకు ఆ వాటా కొనుక్కోవడానికి ముందుకు రావచ్చు.

కేసు నడిచినంత కాలం ఈఎంఐ ఆగకుండా చూసుకోవాలి. కోపంతో "ఇంట్లో ఉంటున్నది వాళ్లు, నేనెందుకు కట్టాలి" అని ఆపేస్తే ముందు పోయేది మీ సిబిల్ స్కోరే. కట్టిన ప్రతి రూపాయి మీ అకౌంట్ నుంచే వెళ్లేలా చూసుకుని, స్టేట్‌మెంట్లు దాచుకోండి. చివరి లెక్కలో ఆ డబ్బు అడగడానికి అదే ఆధారం.

అంతా అయ్యాక చూసుకోవాల్సినవి

డీడ్ రిజిస్టర్ అయిన కొన్ని రోజులకు ఈసీ తీసి, మార్పు ఎక్కిందో లేదో చూడండి. ఈఎంఐ మీ అకౌంట్ నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని రద్దు చేయించండి. పాతదాన్ని రద్దు చేయడం మర్చిపోతే డబ్బు పోతూనే ఉంటుంది. లోన్‌తో పాటు తీసుకున్న ఇన్సూరెన్స్ ఎవరి ప్రాణం మీద ఉంది, నామినీ ఎవరు అన్నది మార్చుకోండి. రెండు మూడు నెలల తర్వాత సిబిల్ రిపోర్ట్ తీయండి. పాత లోన్ మీ పేరు కింద ఇంకా నడుస్తున్నట్టు కనిపిస్తే, బ్యాంకు ఇచ్చిన లెటర్ జత చేసి సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. ఆ రిపోర్ట్‌లో లోన్ కనిపించకపోయినా, క్లోజ్ అయినట్టు కనిపించినా, అప్పుడే ఒప్పందంలోని ఆ వాక్యం రెండు సగాలూ పూర్తయినట్టు.